మలుపులో బండి బయటికి ఎందుకు పోతుంది? కౌంటర్ స్టీరింగ్ వెనక లెక్క

క్లుప్తంగా: గంటకు ఇరవై కిలోమీటర్ల వేగం దాటిన బండి ఎడమకు తిరగాలంటే ముందు ఎడమకు వాలాలి. దాన్ని అలా వాల్చేది ఎడమ చేతి పిడిని ముందుకు నెట్టడం. అంటే ముందు చక్రం క్షణంపాటు కుడివైపు తిరుగుతుంది. కౌంటర్ స్టీరింగ్ అంటే ఇదే. సైకిల్ తొక్కడం వచ్చిన ప్రతి ఒక్కరూ తెలియకుండానే చేస్తున్న పని ఇది. అయితే తెలియకుండా చేసే పని భయపడ్డప్పుడు తలకిందులవుతుంది. కొత్తవాళ్ల బండి మలుపులో బయటికి పోవడానికి తరచుగా కారణం అదే.

"ఎడమకు తిరగాలంటే హ్యాండిల్ కుడికి తిప్పాలి." బండి నేర్చుకునేవాళ్లకు ఈ మాట వీడియోల్లోనో, మెకానిక్ షెడ్డు దగ్గరో ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. కొందరు అది రేసులవాళ్ల విద్య అనుకుని వదిలేస్తారు. ఇంకొందరు వెళ్లి నిజంగానే హ్యాండిల్‌ను అవతలికి గుంజి, బండి ఒక్కసారిగా వాలిపోయేసరికి బెదిరిపోతారు. రేసులకూ దీనికీ సంబంధం లేదు. నెల్లూరులో కూరగాయలకని స్కూటర్ తీసేవాళ్లు కూడా రోజూ చేసేది ఇదే. గుంజాల్సిన పని కూడా లేదు, అవసరమైన నెట్టుడు చాలా చిన్నది.

ఈ గందరగోళానికి లైసెన్స్ పరీక్ష కూడా కొంత కారణం. అక్కడ ఎనిమిది వేయమంటారు. ఎనిమిది వేసేటప్పుడు బండి మనిషి నడిచేంత వేగంతోనో, దానికి కాస్త ఎక్కువగానో పోతుంది. ఆ వేగంలో హ్యాండిల్ ఎటు తిప్పితే బండి అటే పోతుంది, కారూ ఆటో తిరిగినట్టే. నేర్చుకునేవాళ్ల బుర్రలో మలుపు అంటే అదే నిలిచిపోతుంది. ఆ తర్వాత కావలి వైపో కందుకూరు వైపో రోడ్డెక్కి 45 కిలోమీటర్ల వేగంలో మలుపు ఎదురైతే, పరీక్షలో పనికొచ్చిన సూత్రం అక్కడ పనిచేయదు. పనిచేయడం లేదని చేతులకు తెలుసు, బుర్రకు తెలియదు.

వాలకుండా తిరగడం కుదరదు

మూడు, నాలుగు చక్రాల బండి మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రాలు దాన్ని పడిపోకుండా ఆపుతాయి. రెండు చక్రాల బండికి ఆ ఆసరా లేదు. నిటారుగా ఉన్న బండి ముందు చక్రాన్ని ఉన్నట్టుండి ఎడమకు తిప్పితే టైర్లు ఎడమకు పోతాయి, పైనున్న మనిషీ ఇంజనూ పాత దారిలోనే ముందుకు పోవాలని చూస్తాయి. ఫలితంగా బండి కుడివైపుకు, అంటే మలుపు బయటికి, వాలుతుంది. ఎడమకు తిరగాలనుకున్నప్పుడు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

అందుకే ముందు బండిని లోపలివైపు వాల్చాలి. పైనున్న బరువును పట్టుకుని లాగడానికి ఏమీ లేదు గనక, మిగిలిన దారి కిందనున్న టైర్లను పక్కకు జరపడమే. అరచేతిలో చీపురుకట్ట నిలబెట్టి ఆడుకున్నవాళ్లకు ఇది తెలిసిందే. చీపురు ఎడమకు వాలాలంటే చెయ్యి కుడికి జరగాలి. బండిలో ఆ చెయ్యి చేసే పని ముందు టైరు చేస్తుంది. ఎడమ పిడిని ముందుకు నెడితే చక్రం కాస్త కుడికి తిరుగుతుంది, టైరు నేలను తాకే చోటు కొద్ది సెంటీమీటర్లు కుడికి జరుగుతుంది, పైనున్న బరువు ఎడమకు ఒరుగుతుంది.

ఇదంతా సెకను కూడా పట్టదు. బండి ఎడమకు వాలగానే ముందు చక్రం తనంతట తానే ఎడమకు తిరుగుతుంది. ముందు ఫోర్కు నిటారుగా కాకుండా వాలుగా అమర్చి ఉండడం దీనికి ఒక కారణం. ఆ అమరిక వల్ల చక్రం నేలను తాకే చోటు, ఫోర్కు తిరిగే గీతకు కొంచెం వెనక పడుతుంది. దాంతో బండి ఏ పక్కకు వాలితే చక్రం ఆ పక్కకు తిరుగుతుంది. ఆగి ఉన్న సైకిల్ సీటు పట్టుకుని పక్కకు వాల్చి చూస్తే హ్యాండిల్ అటే పడిపోవడం ఎవరైనా గమనించవచ్చు.

కాబట్టి "అవతలికి తిప్పడం" అనేది మలుపు మొదలయ్యే క్షణానికి సంబంధించిన మాట. మలుపు మధ్యలో చక్రం మలుపు వైపే చూస్తూ ఉంటుంది, కానీ ఎంత తక్కువగా అంటే కంటికి ఆనదు. 40 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో, రెండు చక్రాల మధ్య దూరం మీటరుంపావు ఉన్న మామూలు బండికి ఆ కోణం రెండు డిగ్రీలు కూడా ఉండదు. ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లు కూడా తమ చేతులు ఏం చేస్తున్నాయో చెప్పలేకపోవడానికి కారణం ఇదే. విమానం కనిపెట్టిన అన్నదమ్ముల్లో ఒకరైన విల్బర్ రైట్ సైకిళ్లు తయారుచేసి అమ్మిన మనిషి. ఎడమకు ఎలా తిరుగుతారని తాను అడిగిన సైకిలిస్టుల్లో ఒక్కరు కూడా మొదట అడిగినప్పుడు జరిగేదంతా సరిగా చెప్పలేదని ఆయన అన్నట్టు నమోదై ఉంది.

చేతులకు ఈ అలవాటు ఎంత లోతుగా పాతుకుపోయిందో చూడాలంటే సరుకులు మోసే మూడు చక్రాల రిక్షా ఎక్కితే చాలు. సైకిల్ బాగా వచ్చినవాళ్లు దాన్ని మొదటిసారి తొక్కినప్పుడు అది రోడ్డు పక్కకు లాగేస్తుంది. ఎడమకు తిరగాలని చేతులు అలవాటు కొద్దీ ముందు కుడికి కదులుతాయి. రిక్షా వాలదు గనక ఆ కదలికను నిజమనుకుని కుడికే పోతుంది.

గిరగిరా తిరిగే చక్రాలకుండే స్వభావమే బండిని నిలబెడుతుందనీ, తిప్పుతుందనీ కూడా చెబుతుంటారు. తిరిగే చక్రం వాలడానికి కొంత సాయం చేసే మాట నిజమే, కానీ అసలు పని టైరు పక్కకు జరగడం వల్లే అవుతుంది. చక్రాల తిరుగుడు ప్రభావాన్ని పూర్తిగా రద్దు చేసిన ఒక ప్రయోగపు సైకిల్‌ను కార్నెల్, డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు తయారుచేసి, అది కూడా తనంతట తాను నిలబడి ముందుకు పోగలదని 2011లో చూపించారు.

ఒక మలుపు, మూడు సెకన్లు

ఉమ్మడి నెల్లూరు జిల్లాలో కాలవ కట్టల మీద వేసిన తారు రోడ్లు చాలా చోట్ల ఒకే బండి పట్టేంత వెడల్పుతో, పొలాల కన్నా ఎత్తులో ఉంటాయి. కాలవ ఎలా వంకర తిరిగితే రోడ్డూ అలాగే తిరుగుతుంది. అలాంటి రోడ్డు మీద 40 మీటర్ల వ్యాసార్ధంతో ఎడమ మలుపు ఒకటి ఉందనుకోవాలి. వంద సీసీ బండి 45 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు పన్నెండున్నర మీటర్లతో వస్తోంది. మలుపు మొత్తం అరవై డిగ్రీలైతే దాన్ని దాటడానికి మూడు సెకన్ల పైన కొద్దిగా పడుతుంది.

ఈ వేగంలో ఈ మలుపు తిరగాలంటే బండి ఎంత వాలాలి అనేది బండి బరువు మీదా మనిషి బరువు మీదా ఆధారపడదు. వేగం, మలుపు వ్యాసార్ధం తెలిస్తే చాలు, లెక్క తేలిపోతుంది:

`tan θ = v² / (r × g)`

ఇందులో v సెకనుకు మీటర్లలో వేగం, r మలుపు వ్యాసార్ధం, g భూమ్యాకర్షణకు సంబంధించిన 9.81. మన మలుపుకి ఇది దాదాపు 22 డిగ్రీలు వస్తుంది. టైరుకు వెడల్పు ఉంటుంది గనక నిజంగా ఇంకొంచెం ఎక్కువ వాలాలి. అదే మలుపులో 36 కిలోమీటర్ల వేగంతో వస్తే 14 డిగ్రీలు సరిపోయేవి. 54తో వస్తే 30 కావాలి. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే వాలు రెండింతలు దాటుతోంది. కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఏదైనా ఉంటే ఇదే. నిన్న హాయిగా తిరిగిన మలుపు ఇవాళ పది కిలోమీటర్లు ఎక్కువ వేగంలో బిగుసుకుపోయినట్టు ఎందుకు అనిపిస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు సరిగా తిరిగిన బండిని చూద్దాం. మలుపు మొదలయ్యే ముందే బ్రేకు వదిలేసి, వేగం 45 దగ్గర నిలిచింది. మలుపు మొదట్లో ఎడమ అరచేయి పిడిని ముందుకు నెట్టింది. సెకను లోపలే బండి 22 డిగ్రీలకు వాలింది. చెయ్యి నెమ్మదించింది, ముందు చక్రం తనకు కావలసిన కోణంలో కుదురుకుంది. యాక్సిలరేటర్ ఉన్నచోట ఉంచి, లేదా రవ్వంత పెంచి, బండి మలుపంతా అదే వాలులో పోయింది. మలుపు చివర దారి తెరుచుకోగానే కుడి అరచేయి కుడి పిడిని కొద్దిగా నెట్టింది. టైరు ఎడమకు, అంటే వాలిన బరువు కిందకు వచ్చింది, బండి నిటారైంది.

రెండో బండి కూడా అదే వేగంతో వచ్చింది, కానీ దాన్ని నడిపేవారు జంకుతూ నెట్టడంతో వాలు 17 డిగ్రీల దగ్గరే ఆగింది. ఐదు డిగ్రీలే కదా అనిపిస్తుంది. 17 డిగ్రీల వాలుతో 45 వేగంలో పోయే బండి 52 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది, రోడ్డేమో 40తో తిరుగుతోంది. ఇరవై మీటర్లు పోయేసరికి, అంటే సెకనున్నర దాటగానే, బండి తన దారి నుంచి మీటరుకు పైగా కుడికి వచ్చేస్తుంది. ఎడమ మలుపులో కుడి అంటే ఎదురొచ్చేవాళ్ల వైపు. ఇంత సన్నటి రోడ్డు మీద ఆ మీటరులో గడ్డి ట్రాక్టరు ఉండవచ్చు.

అసలు ప్రమాదం ఈ తర్వాతి క్షణంలో ఉంది. ట్రాక్టరు కనిపించగానే మనసు "ఎడమకు తప్పుకో" అంటుంది. కంగారులో చేతులు ఎనిమిది వేసినప్పటి సూత్రానికి వెళ్లిపోయి హ్యాండిల్‌ను ఎడమకు తిప్పుతాయి. అంటే కుడి పిడిని నెడతాయి, ఎడమ పిడిని లాగుతాయి. ముందు టైరు ఎడమకు పోయి వాలిన బరువు కిందికి చేరుతుంది. బండి నిటారై, ట్రాక్టరు వైపే పోతుంది. నడిపినవారు తర్వాత "ఎంత తిప్పినా బండి తిరగలేదు, బయటికే లాగేసింది" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తిప్పారు, తిప్పినందుకే అది బయటికి పోయింది. ఆ క్షణంలో కావలసింది ఎడమ పిడిని ఇంకాస్త ముందుకు నెట్టడం. పొడి రోడ్డు మీద 22 డిగ్రీల వాలంటే బండికి ఇంకా వాలడానికి చోటుంది. వాల్చడం ఆపింది టైరు కాదు, చెయ్యి.

దీన్ని గమనించినవాళ్లు కొత్తేమీ కాదు. హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి ఆధ్వర్యంలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో జరిగిన దాదాపు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను చోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదంలో చిక్కుకున్నవాళ్లలో హ్యాండిల్ నెట్టి బండిని పక్కకు తప్పించే నేర్పు దాదాపు కనిపించలేదని అందులో ఉంది. చాలామంది వెనక బ్రేకు అతిగా తొక్కి చక్రం జార్చుకున్నారని, ముందు బ్రేకు తక్కువగా వాడారని కూడా ఆ నివేదిక చెప్పింది.

ఒంటిని వాలిస్తే సరిపోదా?

చాలామంది పాత కాపులు చెప్పే సలహా "ఒళ్లు వాల్చు, బండి అదే తిరుగుతుంది" అని. ఇందులో కొంత నిజం ఉంది. చేతులు వదిలేసి సైకిల్ తొక్కేవాళ్లు నడుము తిప్పి మలుపు తిరుగుతారు. ఒళ్లు ఒక పక్కకు పోతే కిందనున్న సైకిల్ మొదట రెండో పక్కకు వాలుతుంది, దానితో పాటే ముందు చక్రం కదులుతుంది, వాలు మొదలవుతుంది. అంటే అక్కడ జరిగేది కూడా కౌంటర్ స్టీరింగే, కాకపోతే చేతికి బదులు నడుము చేస్తోంది. తేడా ఎంతసేపట్లో అన్నదే. బరువైన మోటార్‌సైకిల్ మీద ఈ పద్ధతి చాలా నెమ్మది.

కాలిఫోర్నియాలో రైడింగ్ స్కూలు నడిపిన కీత్ కోడ్ ఈ వాదన తేల్చడానికి ఒక బండి తయారుచేయించారు. దానికి మామూలు హ్యాండిల్‌తో పాటు, ఫ్రేముకు బిగించేసిన కదలని హ్యాండిల్ ఇంకొకటి ఉంటుంది. కదలని దాన్ని పట్టుకున్నవాళ్లు ఒంటిని ఎటు వాల్చినా బండి కాస్త అటూ ఇటూ ఊగుతుంది తప్ప, నమ్మకంగా ఒక దారి పట్టదు. ఒళ్లు వాల్చడం వల్ల నిజంగా ఒరిగే లాభం వేరే ఉంది. మనిషి మలుపు లోపలివైపు ఒరిగితే బండి అంతమేర తక్కువ వాలితే చాలు. కానీ నేర్చుకునే దశలో ఒళ్లు బండితో సమానంగా ఒరిగితే చాలు, ఎక్కువా వద్దు తక్కువా వద్దు.

చేతులు ఎక్కడ చెడగొడతాయి

ఎడమ చెయ్యి నెడుతుంటే కుడి చెయ్యి గట్టిగా బిగుసుకుని ఉంటే ఆ నెట్టుడు హ్యాండిల్‌కు చేరదు. రెండు చేతులూ ఒకదానితో ఒకటి కొట్లాడుతుంటాయి. బండి బరువుగా, మొండిగా అనిపిస్తుంది. మలుపుకు ముందు బ్రేకు వేసినప్పుడు ఒళ్లు ముందుకు జారి, భారమంతా మణికట్ల మీద పడితే ఇదే జరుగుతుంది. మోకాళ్లతో ట్యాంకును ఒత్తిపట్టుకుంటే ఆ భారం కాళ్లు మోస్తాయి, మోచేతులు వదులవుతాయి. స్కూటర్‌కు ట్యాంకు అడ్డం ఉండదు గనక పాదాలను ముందుకు తన్నిపెట్టి, సీటులో వెనక్కి కూర్చోవాలి. ఇక నెట్టే దిశ కూడా ముఖ్యమే. చాలామంది పిడిని కిందకు ఒత్తుతారు. హ్యాండిల్ ఫోర్కు చుట్టూ తిరుగుతుంది గనక కిందకు ఒత్తిన బలం చాలావరకు వృథా. నెట్టాల్సింది ముందుకు, హెడ్‌లైటు వైపు.

చేతులు బిగుసుకున్నాయో లేదో తెలుసుకోవడానికి సులువైన గుర్తు ఒకటుంది. బండి మలుపులో స్థిరంగా వాలి పోతున్నప్పుడు లోపలివైపు చేతి పట్టును కొద్దిగా వదులు చేయాలి. బండి దారి మారకపోతే అంతా సరిగా ఉన్నట్టే. అలా చేయగానే బండి నిటారవబోతే, మలుపంతా దాన్ని చేత్తో పట్టి ఉంచుతున్నారన్నమాట. దానికి కారణం నడిపేవారు కాకపోవచ్చు. ముందు టైరులో గాలి తగ్గితే బండి వాలడానికి మొరాయిస్తుంది. ఫోర్కు దగ్గర హ్యాండిల్ తిరగడానికుండే బేరింగులు, అంటే కోన్ సెట్టు, బిగుసుకున్నా, గుంటలు పడినా హ్యాండిల్ మధ్యలో ఎక్కడో పట్టేసినట్టు ఉంటుంది, తిన్నటి రోడ్డులో కూడా బండి అటూ ఇటూ తిరుగుతుంది. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను వేలితో మెల్లగా తిప్పితే ఆ పట్టుడు తెలిసిపోతుంది. ఇలాంటి బండి మీద ఎన్నాళ్లు సాధన చేసినా మలుపు నున్నగా రాదు.

ఇంకొకటి కుడి చేతి సంగతి. కుడి మలుపులో నెట్టే చెయ్యి, యాక్సిలరేటర్ తిప్పే చెయ్యి ఒకటే. పిడిని నెట్టబోయి తెలియకుండా యాక్సిలరేటర్ వదలడమో పెంచడమో జరుగుతుంది. ఎడమ మలుపు కన్నా కుడి మలుపు కుదుపులతో వస్తోందని అనిపించేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఖాళీ వెంచరులో సాధన

ఊళ్ల చివర ప్లాట్లు అమ్మడానికి వేసిన వెంచర్ల రోడ్లు చాలా చోట్ల ఇళ్లు లేవకుండా ఖాళీగా పడి ఉంటాయి. సాధనకు ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం. బండి దిగి ఒకసారి నడిచి, ఇసుక, కంకర లేవని చూసుకోవడం మాత్రం తప్పదు.

తిన్నటి రోడ్డులో 30 కిలోమీటర్ల వేగంతో పోతూ, ఎడమ చేతి వేళ్లు విప్పి అరచేయి మాత్రమే పిడికి ఆనించి మెల్లగా ముందుకు నెట్టాలి. వేళ్లు విప్పితే లాగడం కుదరదు, నెట్టడం ఒక్కటే కుదురుతుంది. అందుకే ఇక్కడ చేతులు మోసం చేయలేవు. బండి ఎడమకు ఒరుగుతుంది. మొదటిసారి చాలామందికి ఇది నమ్మశక్యంగా ఉండదు. తర్వాత కుడి అరచేత్తో అంతే మెల్లగా. రెండు పక్కలా ఒకేలా వచ్చాక, పదిహేను మీటర్లకొకటి చొప్పున గుర్తులు పెట్టుకుని వాటి మధ్య పాములా మెలికలు తిరగాలి. ఎంత నెట్టాలి అన్నదానికి కొలత చెప్పడం వృథా. చిన్న చక్రాల స్కూటర్‌కు వేలెడు ఒత్తిడి సరిపోతుంది, బరువైన బుల్లెట్‌కు చెయ్యి వేయాల్సి వస్తుంది. వేగం పెరిగేకొద్దీ కూడా బండి మొండికేస్తుంది.

ఆ తర్వాతే అసలు మలుపు. ఇక్కడ అలవాటు చేసుకోవాల్సింది ఒకేసారి నెట్టి, ఒకే వాలు పట్టి, చివరిదాకా దాన్నే ఉంచడం. మలుపులో నాలుగైదు చోట్ల సర్దుకుంటూ, బండి ముక్కలు ముక్కలుగా తిరుగుతుంటే మొదటి నెట్టుడు చాలలేదని, లేదా చూపు దగ్గరే ఉండిపోయిందని అర్థం. కళ్లు ముందు టైరుకు పది మీటర్ల దూరంలో ఉంటే మలుపు ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తూనే ఉంటుంది. మలుపు ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడికి చూపు పోతే, నెట్టాల్సిన మోతాదు చేతులకు దానంతటదే తెలుస్తుంది. ఎదురుగా ఉన్న గుంతనో రాయినో కళ్లు పట్టుకుంటే బండి అటే పోవడం కూడా అందుకే.

వెనక మనిషి కూర్చున్నప్పుడు ఇదంతా మళ్లీ కొత్తగా అనిపిస్తుంది. బరువు పెరుగుతుంది, వెనక్కీ పైకీ పోతుంది, వాల్చడానికి ఎక్కువ నెట్టాలి. చీర కట్టుకున్నవాళ్లు ఒక పక్కకు కాళ్లు వేసి కూర్చుంటే బరువు మధ్యలో ఉండదు, ఎడమ కుడి మలుపులు ఒకేలా అనిపించవు. మలుపులో వాళ్లు భయపడి బయటివైపు ఒరిగితే, నడిపేవారు ఆ మేరకు బండిని ఇంకా వాల్చాల్సి వస్తుంది. సగం నిండిన పాల క్యాన్లు కట్టిన బండిలోనైతే మనిషి ఒరగకపోయినా పాలు ఒరుగుతాయి.

టైరుకు పట్టు లేనిచోట

కౌంటర్ స్టీరింగ్ బండిని వాల్చగలదు, పట్టును పుట్టించలేదు. 22 డిగ్రీల వాలు అంటే టైరు తన మీద పడే బరువులో దాదాపు నలభై శాతం అంత బలాన్ని పక్కకు తట్టుకోవాలి. శుభ్రమైన పొడి తారు రోడ్డు మీద ఇది సమస్య కాదు. పెన్నా ఇసుక మోసే ట్రాక్టర్లు మలుపులో రాల్చిన ఇసుక, చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో తేలిన రాతిపొడి, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, తీరం వైపు రొయ్యల వ్యాన్ల నుంచి కారిన నీళ్లు, ఇవి టైరుకూ తారుకూ మధ్య దూరతాయి. అక్కడ ఆ నలభై శాతం దొరకదు. వాలిన బండి ముందు చక్రం జారితే సర్దుకోవడానికి సమయం ఉండదు.

అందువల్ల ఇలాంటి చోట "ఇంకాస్త నెట్టు" అన్న సలహా వర్తించదు. వేగం ముందే తగ్గించుకుని, బండిని వీలైనంత నిటారుగా ఉంచి దాటాలి. 20 కిలోమీటర్ల వేగంలో మన మలుపుకు కావలసిన వాలు ఐదు డిగ్రీల లోపే. మలుపులోకి వచ్చేశాకే వడ్లు కనబడితే, వాటిని చేరేలోపు మిగిలిన శుభ్రమైన రోడ్డులో బండిని నిటారు చేసి బ్రేకు వేయాలి. వాలి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టడం రెండు విధాలా చెడ్డది. పొడి రోడ్డు మీద బండి నిటారై బయటికి పోతుంది, ఇసుక మీద చక్రం జారుతుంది.

ఘాట్ రోడ్డులో తేడా

దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్‌లోనూ, గిద్దలూరు నుంచి నల్లమల దాటి నంద్యాల వైపు పోయే దారిలోనూ రెండు రకాల మలుపులు కలిసే వస్తాయి. వెనక్కి తిరిగిపోయినంత బిగువైన మలుపుల్లో వేగం పదిహేను దరిదాపులకు పడిపోతుంది. అక్కడ హ్యాండిల్ నిజంగానే మలుపు వైపు తిరగాలి. 40 వేగంలో నెట్టిన అలవాటుతో గట్టిగా నెడితే బండి లోపలికి పడిపోతుంది. తక్కువ గేరు, వెనక బ్రేకు మీద కాస్త కాలు, పిడి మీద తేలికైన చెయ్యి అక్కడ పనికొస్తాయి. ఆ మలుపుల మధ్య వచ్చే పొడుగాటి వంపుల్లో మళ్లీ నెట్టుడే దారి. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లకు వేగం మలుపు మధ్యలోనూ పెరుగుతూనే ఉంటుంది. బ్రేకు మీద తప్ప ఆధారం ఉండదు, వాలిన బండిలో బ్రేకు ఏం చేస్తుందో పైన చూశాం.

కుడి మలుపుల్లో ఇంకో విషయం కొత్తవాళ్లు లెక్కలోకి తీసుకోరు. బండి కుడికి ఇరవై డిగ్రీలు వాలినప్పుడు నడిపేవారి తల టైర్ల కన్నా దాదాపు అర మీటరు కుడికి ఉంటుంది. చక్రాలు మధ్య గీతకు ఆనుకుని సరైన పక్కనే ఉన్నా, తల అప్పటికే ఎదురొచ్చే బస్సు దారిలో ఉన్నట్టు లెక్క. కుడి మలుపులో చక్రాలు మధ్య గీతకు కనీసం మీటరున్నర ఎడమగా ఉండేలా మొదలుపెట్టాలి. అలా మొదలుపెడితే వంపు అవతలి నుంచి వచ్చేది కూడా కాస్త ముందుగానే కనిపిస్తుంది.